తాతగారి గ్రామఫోను అమ్మాలి, ప్రకటనలో ఏం రాయాలి?

గోదారిగట్టు: మా తాతగారి హెచ్‌ఎంవీ గ్రామఫోను అమ్మకానికి పెడుతున్నాం. మూత వేసి చేత్తో పట్టుకెళ్లే నల్ల పెట్టె, లోపల రేకు మీద 102 అని ఉంది. మా తమ్ముడు రాసిన ప్రకటన ఇది: "100 ఏళ్ల నాటి అత్యంత అరుదైన యాంటిక్, పూర్తిగా ఒరిజినల్, చక్కగా పాడుతుంది." నాకెందుకో తేడా కొడుతోంది. స్ప్రింగు ఓసారి మార్పించాం, పెట్టె మీద రెక్సిన్ కూడా కొత్తదే. ఎలా రాస్తే బాగుంటుంది?

కోఠీబజార్: ధరెంత? ప్లేట్లు కూడా ఇస్తారా? ఘంటసాలవి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.

పాతప్లేట్లు: 102 మోడల్ వచ్చిందే 1931లో. 1950ల చివరి దాకా తయారైంది. అంటే మీది ఎంత పాతదైనా వందేళ్లు నిండవు. ఇక అరుదు సంగతి. పోర్టబుల్ పెట్టెల్లో తరచుగా కనబడేది ఇదే, అందులోనూ నల్లది. ఎరుపో నీలమో అయితే "తక్కువగా కనిపించే రంగు" అని రాసుకోవచ్చు. మీరు మోడల్ పేరు రాయండి చాలు, తెలిసినవాడికి అది ఎంత దొరుకుతుందో తెలుసు.

మీ తాతగారు ఎప్పుడు కొన్నారు? ఎవరు చెప్పారు? సూది బిగించే సౌండ్ బాక్స్ మీద ఏముంది?

గోదారిగట్టు: 1938లో పెళ్లికి మామగారు పెట్టారని నానమ్మ అనేది. రసీదు లేదు. సౌండ్ బాక్స్ మీద 5B అని ఉంది.

బెజవాడరాజు: ఇంత ఆలోచన దేనికండీ? కుక్క బొమ్మ ఉంటే ఒరిజినలే. మెటల్ పాలిష్‌తో తళతళలాడించి, పాడుతుండగా వీడియో తీసి పెట్టండి, ఎగరేసుకుపోతారు.

పాతప్లేట్లు: రాజుగారూ, వీడియో మాట నిజం. కుక్క బొమ్మలు మాత్రం కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు, అదొక్కటే చూసి తేల్చలేం. పాలిష్ అసలే వద్దు. ఆ మెరుపు పైపూతది, గట్టిగా రుద్దితే పూత లేచిపోయి కింది లోహం బయటపడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఉన్న మచ్చలతోనే ఫొటో తీయాలి.

గోదారిగట్టు గారూ, 102 పెట్టెలకి 5A సౌండ్ బాక్స్ వచ్చేది, తర్వాతి కాలం వాటికి 5B. అలాగని మీ పెట్టె తర్వాతి కాలందే అనలేం. సౌండ్ బాక్స్ చిటికెలో ఊడి వస్తుంది, పాడైనప్పుడు మెకానిక్ మరో పెట్టెది తగిలించి ఉండొచ్చు. అందుకని నానమ్మ మాటను నానమ్మ మాటగానే రాయండి: "1938లో పెళ్లికి వచ్చిందని కుటుంబంలో చెప్పుకుంటారు, కాగితం లేదు." పెళ్లినాటి ఫొటోలో పెట్టె కనబడితే దాని విలువ వేరు.

దోహాశీను: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నా దగ్గర పెద్ద ఇత్తడి బూరది ఉంది, 1910 నాటిదన్నారు. దాన్నెలా రాయాలి?

పాతప్లేట్లు: పైపలక విప్పి మోటారు చూడండి. పలకకి ఏ మరా లేని పాత బెజ్జాలు, పోర్టబుల్‌లో ఉండే చిన్న మోటారు, పల్చటి మెరిసే బూర కలిసి కనబడితే అది ఈ మధ్య కట్టిన సరుకు. పాత మోటారుకి కొత్త చెక్కపెట్టె, కొత్త బూర తగిలిస్తారు. అప్పుడు "పాత మోటారుతో కొత్తగా కట్టింది, అలంకరణకు" అని రాయడమే న్యాయం.

దోహాశీను: నాది అలాంటిది కాదులెండి, చాలా బరువుంది. విప్పి ఫొటో పెడతా.

గుంటూరుమెకానిక్: స్ప్రింగు మార్చడం రిపేరు కాదండీ, మామూలు సర్వీసు. అది కూడా రాస్తే కొనేవాడు భయపడతాడు.

పాతప్లేట్లు: నేనైతే రాస్తా. కొనేవాడు విప్పి చూసుకున్నాక తెలియడం కంటే ముందే తెలిస్తే మేలు. రెక్సిన్ గురించి మాత్రం తప్పక రాయాలి. పాత గుడ్డ బందుల కింద దాకా వెళ్తుంది. కొత్తగా అతికించినవాళ్లు చాలామంది బందుల చుట్టూ కోసి వదిలేస్తారు. అక్కడ దగ్గరగా ఒక ఫొటో తీయండి.

"చక్కగా పాడుతుంది" అనే ముందు ఈ పరీక్ష చేయండి. ప్లేటు అంచు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనబడేలా పెట్టి, కొత్త సూదితో పాట పెట్టి, నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 78 రావాలి. నిండా కీ ఇచ్చినా పాట చివర్లో స్వరం సాగిపోతే స్ప్రింగు చాలడం లేదన్నమాట, లేదా లోపల గ్రీజు గట్టిపడింది. గరగరమంటే సౌండ్ బాక్స్ రబ్బరు ఎండిపోయి ఉంటుంది. ఎల్పీలు మాత్రం పెట్టి చూడకండి, గాడి చెడిపోతుంది.

గోదారిగట్టు: లెక్కపెట్టాం, 77 వచ్చింది, చివరిదాకా వేగం నిలిచింది. పై స్వరాల్లో గరగర ఉంది. ఇలా మార్చాను:

"హెచ్‌ఎంవీ 102 పోర్టబుల్ గ్రామఫోను, నలుపు. 1938లో మా తాతగారి పెళ్లికి వచ్చిందని ఇంట్లో చెప్పేవారు, కాగితం లేదు. సౌండ్ బాక్స్ 5B, మొదటి నుంచీ ఉన్నదో కాదో తెలియదు. స్ప్రింగు మార్చాం. పెట్టె మీది రెక్సిన్ కొత్తది. ఒక కీకి ఒక పక్క పూర్తిగా పాడుతుంది, పై స్వరాల్లో గరగర ఉంది. వీడియో జతచేశాం."

గుంటూరుమెకానిక్: గరగర రాసేకంటే రబ్బరు మార్పించి అమ్మండి, ధర పెరుగుతుంది.

పాతప్లేట్లు: ఎవరు మారుస్తారన్నదే సమస్య. సౌండ్ బాక్స్ లోపలి రేకు పల్చటి అల్యూమినియం, చేయి తిరగనివాడు విప్పితే సొట్ట పడుతుంది. కొనేవాళ్లలో కొందరికి అది వాళ్లే చేసుకోవడం ఇష్టం.

గుంటూరుమెకానిక్: ఆ కొందరు ఎంతమంది? మిగతావాళ్లకి పాట వినబడాలి.