అప్‌డేట్: క్రిమినల్ లా టర్మ్ పేపర్ గడువు పొడిగింపు లేఖ

నా ప్రశ్న: "హైదరాబాద్‌లో లా చదువుతున్నాను. డెంగ్యూ వల్ల టర్మ్ పేపర్ ఆలస్యమవుతోంది. ప్రొఫెసర్ గారికి లేఖ ఎలా రాయాలి?"

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. గడువు సోమవారం వరకు పొడిగించారు. జ్వరం సంగతి ఒక్క వాక్యంలో ముగించి, డాక్టరు సర్టిఫికెట్, ప్లేట్‌లెట్ రిపోర్టు జతపరిచి, పేపర్ ఎంతవరకు వచ్చిందో వివరంగా రాశాను. అదే పనిచేసిందని నా నమ్మకం.

"గౌరవనీయులైన సార్, భారతీయ న్యాయ సంహిత 100, 101 సెక్షన్లను పాత శిక్షాస్మృతి 299, 300 సెక్షన్లతో పోల్చే భాగం పూర్తయింది, దానిని జతపరుస్తున్నాను, విర్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1958లో ఇచ్చిన తీర్పు విశ్లేషణ మిగిలింది, సోమవారం సాయంత్రంలోగా సమర్పించేందుకు అనుమతించగలరు."

సార్ ఆ భాగం చదివి, చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, సాధారణంగా ప్రాణం తీసేంతటి గాయాన్ని ఉద్దేశపూర్వకంగా చేస్తే అది హత్యే అవుతుందన్న అంశాన్ని విస్తరించమన్నారు.