కమ్యూటేషన్ తీసుకోవాలా, పూర్తి పెన్షన్ ఉంచుకోవాలా?

సత్యనారాయణపురం రైల్వే: వచ్చే నెలాఖరున 60 ఏళ్లు నిండి రైల్వేలో పదవీ విరమణ చేస్తున్నాను. మూల పెన్షన్ 40,000 రూపాయలు. అందులో 40 శాతం కమ్యూట్ చేయమని, అంటే ఆ భాగం నెలనెలా వదులుకుని బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకోమని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. చేయవచ్చా?

పటమట మాస్టారు: చేయకండి. నెలకు 16,000 వదులుకుంటే, తదుపరి పుట్టినరోజు వయసైన 61కి వర్తించే 8.194 గుణకంతో ఏడాది మొత్తాన్ని హెచ్చవేస్తే మీ చేతికి వచ్చేది 15,73,248 రూపాయలు. కోత 15 ఏళ్లు సాగుతుంది కనుక మొత్తం 28,80,000 పోతుంది. తీసుకున్న సొమ్ము ఎనిమిదేళ్లు దాటగానే తీరిపోతుంది, మిగిలిన ఏడేళ్లూ ఊరికే కడుతున్నట్లే. పైగా కరువు భత్యం కూడా తగ్గిన పెన్షన్ మీదే ఇస్తారు.

అరండల్‌పేట పెన్షనర్: మాస్టారూ, చివరి మాట సరికాదు. కరువు భత్యం కోతకు ముందున్న పూర్తి 40,000 మీదే లెక్కిస్తారు. నా పెన్షన్ స్లిప్పులో ప్రతి నెలా చూస్తున్నాను. ఎనిమిదేళ్ల లెక్కలో వడ్డీని వదిలేశారు. వడ్డీ కలిపి చూస్తే ఇది ఏడాదికి సుమారు 9 శాతానికి తెచ్చిన అప్పుతో సమానం. అయితే ఏ బ్యాంకు అప్పుకూ లేని లక్షణం దీనికుంది: పెన్షనర్ మరణిస్తే బాకీ అక్కడితో ఆగిపోతుంది, భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లో ఒక్క రూపాయి కూడా తగ్గదు. వచ్చే సొమ్ముపై పన్ను లేదు, వదులుకున్న పెన్షన్‌పై మాత్రం పన్ను పడేది.

తెనాలి రాణి: గ్రాట్యుటీ ఎలాగూ వస్తుంది కదండీ, ఇంకెందుకు?

పటమట మాస్టారు: చనిపోతే లాభమన్న లెక్కతో ఎవరైనా నిర్ణయం తీసుకుంటారా? మా అన్నయ్య కమ్యూట్ చేసిన సొమ్మంతా కొడుకు వ్యాపారంలో పెట్టి, మందులకు కోడలిని అడగవలసి వచ్చింది.

అరండల్‌పేట పెన్షనర్: అది కమ్యూటేషన్ తప్పు కాదు, సొమ్ము ఇంకొకరి చేతిలో పెట్టడం తప్పు. నేను ఆ డబ్బుతో అధిక వడ్డీ అప్పు తీర్చుకున్నాను.

పటమట మాస్టారు: నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే! నెలనెలా వచ్చే పెన్షన్‌ను ఏ కొడుకూ ఒక్కసారిగా అడగలేడు. ఇంతకీ సొమ్ము దేనికో ఆయన చెప్పనే లేదు.

సత్యనారాయణపురం రైల్వే: మంగళగిరి దగ్గర స్థలానికి. అబ్బాయి పేరు మీద.

అరండల్‌పేట పెన్షనర్: అలాగైతే నా సలహా మారుతుంది. నాకు అప్పట్లో తీర్చవలసిన అప్పు ఉండేది కనుక 9 శాతం భారం గిట్టింది. మీకు అప్పు లేదు, స్థలం మీది కాదు. 40 శాతం గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతకంటే తక్కువకూ దరఖాస్తు చేయవచ్చు. 20 శాతమైతే 7,86,624 వస్తుంది, నెలకు 8,000 తగ్గుతుంది. తొందర కూడా లేదు: విరమణ తరువాత ఏడాది లోపు అడిగితే వైద్య పరీక్ష ఉండదు. ఒకసారి మంజూరై సొమ్ము తీసుకున్నాక మాత్రం వెనక్కి తీసుకోలేరు.

పటమట మాస్టారు: 20 శాతమైనా గుణకం అదే, భారమూ అదే. నేను ఒప్పుకోను.

సత్యనారాయణపురం రైల్వే: పెన్షన్ కాగితాల్లో కమ్యూటేషన్ గడిని ప్రస్తుతానికి ఖాళీగా వదిలి ఇస్తాను. స్థలం మా ఇద్దరి పేర్ల మీద రాయించడానికి అబ్బాయి ఒప్పుకుంటాడేమో ముందు అడగాలి.