రిజిస్ట్రేషన్‌కు, ఇల్లు మారేదానికి నాలుగు రోజులు: సెలవు చీటీలో అసలు కారణం రాయాలా?

సాయినగర్ వాసి (అడిగినది)
అనంతపురంలో ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ఊర్లోనే ఒక పాత ఇల్లు కొంటున్నాం. అమ్మేవాళ్లు బెంగళూరులో ఉంటారు, నెలాఖరులో వస్తామన్నారు. రిజిస్ట్రేషన్‌కు, సామాన్లు మార్చేదానికి కలిపి నాలుగు రోజులు సెలవు అడగాలి. ‘రిజిస్ట్రేషన్ గంట పని, దానికి నాలుగు రోజులేంది’ అంటారు మా సూపరింటెండెంట్. చీటీలో అసలు సంగతి రాయాలా, ‘సొంత పనులు’ అని వదిలేయాలా?

పెన్న గట్టు
సొంత పనులు అని రాయి తమ్ముడూ, అంతే. సీఎల్‌కు కారణం చెప్పాల్సిన పని లేదు. ఏడాదికి 15 ఉండాయి, అవి నీ హక్కు. ఇల్లు కొంటాండానని రాస్తే ఆఫీసంతా అదే మాట, డబ్బు యాడిదని ఆరాలు. అంతగా భయమైతే రిజిస్ట్రేషన్ మీ ఆవిడ పేరున పెట్టించు. అప్పుడు నీకు సెలవూ అక్కర్లేదు, ఎవరికీ చెప్పే పనీ లేదు.

బెంగళూరు బతుకు
మా కంపెనీలో ఇల్లు మారేదానికి వేరే సెలవే ఇస్తారండి. నేను మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ పోయినప్పుడు పోర్టల్‌లో టిక్కు పెడితే సరిపోయింది. మీకు జాయినింగ్ టైమ్ అని ఏదో ఉంటుంది కదా, అది వాడుకోండి.

పాత సూపరింటెండెంట్, కడప
జాయినింగ్ టైమ్ బదిలీ అయినవాళ్లకు బాబూ. ఉన్న ఊర్లో ఇల్లు మారినందుకు అది రాదు.

పెన్న గట్టు గారూ, 15 రోజుల మాట నిజమే. హక్కు అన్నది మాత్రం సరికాదు. ఆఫీసు పనిని బట్టి అధికారి సీఎల్ కాదనవచ్చు. భార్య పేరున పెడితే చెప్పే పని లేదన్నది ఇంకా పెద్ద పొరపాటు. 1964 ప్రవర్తనా నియమాల్లో 9వ నియమం ఉద్యోగికే కాదు, కుటుంబ సభ్యులకూ వర్తిస్తుంది. స్థిరాస్తి కొనేముందే పై అధికారులకు తెలియజేయాలి. పేరున్న డీలరు ద్వారా కాకుండా మామూలు మనిషి దగ్గర కొంటే ముందస్తు అనుమతే తీసుకోవాలి. ఈ అబ్బాయిది ఈ రెండో కోవలోదే.

అందుకే చీటీలో ఏం రాయాలన్నది నాకు రెండో ప్రశ్న. మొదటిది, అనుమతి కాగితం పైకి పోయిందా లేదా? అది లేకుండా ‘ఇంటి రిజిస్ట్రేషన్ నిమిత్తం’ అని చీటీ రాస్తే, చెప్పకుండా కొన్నాడనేదానికి నీ చేతిరాతే సాక్ష్యం. సొంత పనులు అని దాచినా లాభం లేదు. జనవరి 15 లోపు ఆస్తుల వివరాలు ఇచ్చేటప్పుడు ఇంటి తేదీ, ధర, డబ్బు ఎక్కడిదన్నదీ రాయాల్సిందే కదా. అనుమతి కాగితంలో ఇంటి సర్వే నంబరు, అమ్మేవాళ్ల పేరు, ధర, లోన్ ఎంత, చేతి డబ్బు ఎంత అన్నవి రాసి ముందు పంపు. ఆ తర్వాత చీటీలో ధైర్యంగా నిజమే రాయి. నా సర్వీసులో కారణం తెలిసిన చీటీని తిప్పి పంపిన సందర్భం తక్కువ, సొంత పనులన్న చీటీలే టేబుల్ మీద పడి ఉండేవి.

సాయినగర్ వాసి
సార్, అనుమతి కాగితం ఇంకా పెట్టలేదు. లోన్ శాంక్షన్ అయినాక పెడదామనుకున్నా. రేపే రాస్తాను. మరి నాలుగు రోజులు ఒక్కసారే అడిగితే బాగుంటుందా, విడివిడిగానా?

కర్నూలు దస్తావేజు లేఖరి
ఇక్కడ నా మాట వినండి. ఇల్లు మారే రోజు మీ చేతిలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ రోజు ఉండదు. రెండూ ఒకే చీటీలో కట్టేస్తే ఒకటి వాయిదా పడినప్పుడు రెండోదీ వాయిదా పడుతుంది.

గంట పనే అన్న మీ సూపరింటెండెంట్ మాటలో అబద్ధం లేదు, అన్నీ కుదిరితే. స్లాటు దొరకాలి, చలానా కట్టి ఉండాలి, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఇద్దరు సాక్షులు రావాలి, బ్యాంకాయన డీడీ పట్టుకుని రావాలి. మా దగ్గర ఎక్కువగా తప్పేది మనుషుల దగ్గరే. మొన్న ఒక పెద్దాయన, జీవితమంతా సేద్యం చేసిన చేతులు, వేలిముద్ర ఎంతకీ పడలేదు. ఆధార్‌కు లింకైన ఫోనేమో కొడుకు దగ్గర హైదరాబాదులో. ఆ పూటంతా అట్లే పోయింది. ఇంకోసారి పాత దస్తావేజులో ఉన్న పేరుకు, ఆధార్‌లో ఉన్న పేరుకు ఇంటిపేరు దగ్గర తేడా వచ్చి ఆగిపోయింది. మీ అమ్మేవాళ్లు బెంగళూరులో బస్సెక్కకముందే ఈ రెండూ ఫోన్‌లో ఫొటో పెట్టించుకుని సరిచూడండి. సగం సెలవు అక్కడే మిగులుతుంది.

ఇంకో సంగతి. రాసిచ్చేవాళ్లంతా ఒకే గడియలో రావాలని రిజిస్ట్రేషన్ చట్టంలో లేదు, వేరువేరు సమయాల్లో వచ్చి ఒప్పుకోవచ్చు. దస్తావేజు మీద సంతకాలు పడిన తేదీ నుంచి నాలుగు నెలల్లోపు దాఖలు చేస్తే చాలు. ఆ రోజు అమ్మేవాళ్లలో ఒకరు రాలేకపోతే మునిగిపోయిందేమీ లేదు. కాకపోతే డబ్బు మొత్తం ముందే చేతికివ్వొద్దు. కొనేవాళ్ల ఫొటో, వేలిముద్ర కూడా దస్తావేజుకు అవసరం కాబట్టి మీరు రాక తప్పదు. దానికి ఒక రోజు, లేదా సగం రోజు సీఎల్ చాలు. మిగతాది స్లాటు ఖాయమైనాక అడగండి.

పాత సూపరింటెండెంట్, కడప
లేఖరి గారు చెప్పింది బాగుంది. చీటీ ఇట్లా రాయి: ‘నేను కొంటున్న ఇంటి రిజిస్ట్రేషన్‌కు ఫలానా తేదీన హాజరు కావలసి ఉన్నందున ఒక రోజు ఆకస్మిక సెలవు మంజూరు చేయగలరు. ఆస్తి కొనుగోలుకు అనుమతి కోరుతూ ఫలానా తేదీన దరఖాస్తు సమర్పించాను.’ రెండో వాక్యమే నిన్ను కాపాడేది. ఇల్లు మారేదానికి వేరే చీటీ, ఆదివారం కలిసొచ్చేట్టు. సెలవు దినాలతో కలిపి పది రోజులు దాటకపోతే సీఎల్‌లో ఇబ్బంది లేదు. సీఎల్‌కు ఈఎల్ మాత్రం కలపకు, రెండూ కలవవు.

పుల్లంపేట అక్క
మీరంతా కాగితాలే చూస్తున్నారు. ఆషాఢం వస్తే పాలు పొంగించేదెట్లా? మేము అద్దె ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేస్తామని మాటిచ్చి ఉంటిమి. రిజిస్ట్రేషన్ ఆలస్యమైనా మంచిరోజు చూసుకుని కొత్తింట్లో దిగినాము. పిల్లల బడి, సామాను లారీ, మళ్లీ వెతుకులాట, ఇవన్నీ ఎవరు పడతారు? తమ్ముడూ, ముందు ఇంట్లో దిగు, రిజిస్ట్రేషన్ తర్వాత చేసుకోవచ్చు.

కర్నూలు దస్తావేజు లేఖరి
అక్కా, మీకు మంచివాళ్లు దొరికారు. అగ్రిమెంటులో ఇల్లు స్వాధీనం చేశామని రాస్తే మన రాష్ట్రంలో దానికి అమ్మకపు దస్తావేజంత స్టాంపు డ్యూటీ అడుగుతారు. రాయకుండా దిగితే, తర్వాత ధర పెంచమన్నా, వేరేవాళ్లకు అమ్ముతామన్నా చేతిలో కాగితం ఉండదు.

పుల్లంపేట అక్క
అది సరే. ఇంటి ఓనరు ఒకటో తారీఖున తాళం అడిగితే ఏం చెప్పాలి? అద్దె ఇంకో నెల కట్టగలిగేవాళ్లకు మీ మాట. అందరికీ కుదరదు.

పెన్న గట్టు
9వ నియమం కుటుంబానికీ వర్తిస్తుందని నాకు తెలీదు సార్. కానీ చీటీలో కారణం విషయంలో మాత్రం ఒప్పుకోను. అందరు అధికారులూ మీ లాగా ఉండరు.

సాయినగర్ వాసి
అమ్మేవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేశా. ఆధార్‌లో వాళ్ల నాన్న ఇంటిపేరు వేరే ఉందంట, దస్తావేజులో వేరే. సరిచేయించుకుని తేదీ చెప్తామన్నారు. ఓనరును ఇంకో నెల గడువు అడుగుతా. అనుమతి కాగితం మాత్రం రేపు పొద్దున్నే టప్పాల్లో వేసి, నంబరు తీసుకుంటా.