ఎక్స్‌పైరీ శుక్రవారం బిట్‌కాయిన్ మాక్స్ పెయిన్ దగ్గరికి వెళ్తుందా?

సాయికృష్ణ:
ఈ శుక్రవారం నెలాఖరు ఆప్షన్ల ఎక్స్‌పైరీ. మాక్స్ పెయిన్ ఇప్పటి ధరకంటే బాగా కిందుంది. శుక్రవారంలోగా బిట్‌కాయిన్ అక్కడికి దిగి తీరుతుందని చాలా ఛానెళ్లలో చెబుతున్నారు. దీన్ని నమ్మి షార్ట్ చేయొచ్చా?

వెంకటరమణ:
నేను చూసినంతవరకు పనిచేస్తుంది. ఆప్షన్లు అమ్మేది పెద్ద చేతులు, కొనేది చిన్నవాళ్లు. కొన్నవాళ్లందరికీ కలిపి అతి తక్కువ చెల్లించాల్సి వచ్చే ధరే మాక్స్ పెయిన్. ధరను అక్కడికి తోయడానికి అమ్మినవాళ్లకి డబ్బూ ఉంది, అవసరమూ ఉంది.

శ్రీలత:
రమణగారూ, మాక్స్ పెయిన్ అంటే ఏమిటన్నది మీరు సరిగ్గానే చెప్పారు. ధరను తోస్తారన్న మాట దగ్గరే నాకు పేచీ. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊహించినవే.

బిట్‌కాయిన్ 1,00,000 డాలర్ల దగ్గరుంది. కాల్ ఆప్షన్లు 90,000 స్ట్రైక్‌లో 1,000, లక్షలో 3,000, 1,10,000లో 4,000, 1,20,000లో 6,000 ఉన్నాయి. పుట్‌లు 80,000లో 5,000, 90,000లో 3,000, లక్షలో 2,000. ఒక్కో కాంట్రాక్ట్ 1 బిట్‌కాయిన్. మొత్తం 24,000 కాంట్రాక్టులు కాబట్టి వార్తల్లో "240 కోట్ల డాలర్ల ఆప్షన్లకు ఎక్స్‌పైరీ" అని వస్తుంది.

ఇప్పుడు చెల్లింపులు చూడండి. ధర సరిగ్గా లక్ష దగ్గర ముగిస్తే 90,000 కాల్స్‌కి మాత్రమే డబ్బు వస్తుంది, 1 కోటి డాలర్లు. 95,000 దగ్గర ముగిస్తే 1.5 కోట్లు, 1,05,000 దగ్గర 3 కోట్లు. అందుకే మాక్స్ పెయిన్ లక్ష. ధర 1,05,000 దగ్గరుంటే దాన్ని లక్షకి దించితే అమ్మినవాళ్లందరికీ కలిపి మిగిలేది 2 కోట్లు. రోజుకి వందల కోట్ల డాలర్లు చేతులు మారే మార్కెట్‌ని 5 శాతం కిందికి తోయడానికి అయ్యే ఖర్చు ముందు అది నిలవదు. ఆ 240 కోట్లలో చాలా భాగం సున్నాకి పోయే దూరపు స్ట్రైక్‌లదే.

పైగా "అమ్మినవాళ్లు" అంటే ఒక జట్టు కాదు. కాల్ అమ్మినవాడి దగ్గర చాలాసార్లు బిట్‌కాయినే ఉంటుంది. ధర పెరిగితే ఆప్షన్‌లో పోయింది అసలు నాణెంలో వస్తుంది. మార్కెట్ మేకర్ అయితే ఫ్యూచర్స్‌లో హెడ్జ్ చేసి కూర్చుంటాడు. ఇంకొకరు ఒక స్ట్రైక్ కొని మరొకటి అమ్మి ఉంటారు. ఓపెన్ ఇంట్రెస్ట్ చూస్తే ఎన్ని కాంట్రాక్టులున్నాయో తెలుస్తుంది, ఎవరు ఏ వైపున్నారో తెలియదు.

వెంకటరమణ:
మరి చాలాసార్లు ధర దాని దగ్గరే ముగుస్తోంది కదండీ? అది ఊరికే జరుగుతుందా?

శ్రీలత:
ఆ దగ్గరితనం చాలావరకు ఎలా వస్తుందంటే, మాక్స్ పెయినే ధర వెంట నడుస్తుంది. పై లెక్కలోనే ధర 1,10,000కి ఎక్కిందనుకోండి. అక్కడ కొత్తగా 5,000 పుట్‌లు చేరితే మాక్స్ పెయిన్ లక్ష నుంచి ఒక్కసారిగా 1,10,000కి మారిపోతుంది. శుక్రవారం పొద్దున బొమ్మ చూసినవాడికి ధర మాక్స్ పెయిన్ దగ్గరకొచ్చినట్టు కనిపిస్తుంది. జరిగింది మాత్రం తలకిందులు.

అలా సర్దుకునే వ్యవధి లేనప్పుడు తేడా బయటపడుతుంది. 2024 డిసెంబర్ 27న డెరిబిట్ అనే క్రిప్టో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్‌లో సుమారు 1,400 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్ ఆప్షన్లు ముగిశాయి. మాక్స్ పెయిన్ 85,000 అని అన్నిచోట్లా రాశారు. ధర 95,000 పైనే ఉండిపోయింది. 2024 మార్చి చివరి ఎక్స్‌పైరీలోనైతే మాక్స్ పెయిన్ 50,000 దరిదాపుల్లో, ధర 70,000 దరిదాపుల్లో ఉన్నాయి. అంతకుముందు వారాల్లో ధర వేగంగా ఎక్కింది, పాత స్ట్రైక్‌ల పొజిషన్లు కిందే మిగిలిపోయాయి. సాయికృష్ణా, నీకిప్పుడు కనిపిస్తున్నది కూడా ఇలాంటిదేనేమో చూసుకో.

లక్ష్మీప్రసన్న:
నెలాఖరు శుక్రవారం సీఎంఈ ఫ్యూచర్స్ కూడా ముగుస్తాయి కదా, లండన్ సమయం సాయంత్రం 4కి. ఆ రోజు కదలికలన్నీ దానివే అని నా అభిప్రాయం. మాక్స్ పెయిన్‌లో అది కలుస్తుందా?

శ్రీలత:
కలవదండీ, అది వేరే ఒప్పందం, వేరే గంట. డెరిబిట్ ఆప్షన్లు 08:00 యూటీసీకి ముగుస్తాయి. ఆ క్షణంలో ఉన్న ధరతో కాదు, 07:30 నుంచి 08:00 దాకా ఇండెక్స్ సగటుతో సెటిల్ అవుతాయి. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. 07:58కి ఎవరైనా పెద్ద అమ్మకం కొట్టి ధరను 2,000 డాలర్లు దించి, చివరిదాకా అక్కడే నిలబెట్టినా అది ముప్పై నిమిషాల్లో రెండు నిమిషాలే. సగటు 133 డాలర్లు కదులుతుంది. పైగా ఆ ఇండెక్స్ ఒక్క ఎక్స్ఛేంజ్ ధర కాదు, చాలా ఎక్స్ఛేంజీల స్పాట్ ధరల నుంచి తీసింది.

అబ్దుల్ రహీం:
నా సంగతి చెబుతాను. నేను ఎక్స్‌పైరీ వారంలో మాక్స్ పెయిన్ స్ట్రైక్‌లోనే కాల్, పుట్ రెండూ అమ్మేవాణ్ణి. కొన్ని నెలలు ప్రీమియం చక్కగా వచ్చింది. ఒక గురువారం రాత్రి ధర పైకి లేచి ఆగలేదు. అన్ని నెలల లాభం ఆ రాత్రే పోయింది. అయినా ఒకటి అడగాలనుంది. పెద్ద స్ట్రైక్ దగ్గర ధర అంటుకుపోయినట్టు గంటలకొద్దీ ఉండటం కళ్లారా చూశాను. అదీ అబద్ధమేనా?

శ్రీలత:
అబద్ధం కాదు రహీం భాయ్, కానీ దానికి కారణం మాక్స్ పెయిన్ కాదు. మార్కెట్ మేకర్లు ఒక స్ట్రైక్‌లో ఆప్షన్లు కొని ఉంటే, ధర పెరిగినప్పుడల్లా హెడ్జ్ కోసం అమ్మాలి, తగ్గినప్పుడల్లా కొనాలి. ధర ఆ స్ట్రైక్ చుట్టూ తిరుగుతుంది. వాళ్లు అమ్మి ఉంటే అంతా ఎదురు తిరుగుతుంది. పెరిగేకొద్దీ కొంటారు, కదలిక ఇంకా ముదురుతుంది. మీ గురువారం రాత్రి అదే జరిగిందని నేను చెప్పలేను, అలా జరిగే వీలు మాత్రం ఉంది. షేర్లలో ఎక్స్‌పైరీ రోజు ధరలు స్ట్రైక్‌ల దగ్గర గుమిగూడతాయని 2005లో సోఫీ నీ, పియర్సన్, పొటెష్‌మన్ అనే పరిశోధకులు చూపించారు. అదికూడా దగ్గరున్న స్ట్రైక్ గురించే, మాక్స్ పెయిన్ గురించి కాదు.

వెంకటరమణ:
అంటే పెద్దవాళ్ల ప్రభావం ఉన్నట్టేగా! పేరు మారిందంతే. నేను మాక్స్ పెయిన్ చూడటం మానను.

శ్రీలత:
చూడండి, కానీ పరీక్షించి చూడండి. ఎక్స్‌పైరీకి ఏడు రోజుల ముందు మాక్స్ పెయిన్ ఎంతో, అదే గంటలో బిట్‌కాయిన్ ధర ఎంతో రెండూ రాసిపెట్టుకోండి. శుక్రవారం సెటిల్‌మెంట్ ధరకి ఆ రెండింటిలో ఏది దగ్గరగా ఉందో చూడండి. ఏడు రోజుల కిందటి ధరే ఎక్కువసార్లు దగ్గరగా తేలితే మాక్స్ పెయిన్ మీకు కొత్తగా చెప్పిందేమీ లేదు. ఎక్స్‌పైరీ అయిన కాంట్రాక్టులు కింది మొదటి లింక్ జాబితాలోంచి పోతాయి, అందుకని ముందే దాచుకోవాలి:

```
https://www.deribit.com/api/v2/public/get_book_summary_by_currency?currency=BTC&kind=option
https://www.deribit.com/api/v2/public/get_delivery_prices?index_name=btc_usd
```

మొదటిదాంట్లో `open_interest`, రెండోదాంట్లో సెటిల్‌మెంట్ ధరలు దొరుకుతాయి.

సాయికృష్ణ:
అర్థమైంది అక్కా. షార్ట్ చేయడం లేదు. ఇంకొక్కటి అడుగుతాను. 2024 నవంబర్ నుంచి బ్లాక్‌రాక్ వాళ్ల బిట్‌కాయిన్ ఈటీఎఫ్ ఐబిట్ మీద కూడా ఆప్షన్లున్నాయి కదా. డెరిబిట్ లెక్క ఒక్కటే చూస్తే సగం బొమ్మే చూసినట్టు కాదా?

శ్రీలత:
అవును, సగమే. అవి న్యూయార్క్ మార్కెట్ వేళల్లో నడుస్తాయి, ఈటీఎఫ్ యూనిట్లతో సెటిల్ అవుతాయి, గడువుకి ముందే వాడుకునే హక్కూ ఉంటుంది. రెండింటినీ కలిపి ఒకే మాక్స్ పెయిన్ గీస్తే దానికి అర్థం ఉంటుందని నాకు నమ్మకం లేదు. హెడ్జింగ్ ప్రభావాన్ని కలిపి ఎలా కొలవాలన్నది నాకింకా తేలలేదు. ఎవరైనా ప్రయత్నించి ఉంటే ఇక్కడ రాయండి.