హనుమకొండలో కెఫే గివ్‌అవే: ఈ ప్రకటనలో నియమాలు సరిపోతాయా?

కొత్త కెఫే యజమాని: హంటర్ రోడ్డులో మా కెఫే తెరిచి నెల రోజులైంది. నలుగురికి రాత్రి భోజనం బహుమతిగా ఇస్తూ ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో ఒకే ప్రకటన పెట్టాలనుకుంటున్నాము. రాసుకున్నది ఇది: “మా పేజీని ఫాలో అవ్వండి, ముగ్గురు మిత్రులను ట్యాగ్ చేయండి, స్టోరీలో పంచుకోండి. గడువు ఆగస్టు 10 అర్ధరాత్రి. విజేతను త్వరలో ప్రకటిస్తాము.” ఇలాంటివి నిర్వహించినవారు గానీ, పాల్గొన్నవారు గానీ లోపాలు చెప్పగలరు.

కాజీపేట నివాసి: నేను ఒక బేకరీ పేజీ చూసుకునేవాడిని. “అర్ధరాత్రి” అనే మాట దగ్గరే మాకు తగాదా వచ్చింది. తొమ్మిదో తేదీ ముగిసే అర్ధరాత్రి అని కొందరు, పదో తేదీ ముగిసేదని కొందరు అనుకున్నారు. “ఆగస్టు 10, రాత్రి 11:59 వరకు” అని రాస్తే సందేహం ఉండదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది కామెంట్ల లెక్కలో వచ్చింది. మొత్తం 312 కామెంట్లు వస్తే, రాసినవారు 190 మందే; అందులో ఒక్కరే 41 రాశారు. కామెంట్లన్నిటి నుంచి చీటీ తీస్తే ఆ ఒక్కరికి దాదాపు ఎనిమిదింట ఒక వంతు అవకాశం దక్కుతుంది. మనిషికి ఒక చీటీ అంటే 190లో ఒక వంతే. ఏ పద్ధతి పాటిస్తామో మేము ముందుగా రాయకపోవడం వల్ల, మనిషికి ఒకటే లెక్కించినప్పుడు ఆయన నిలదీశారు, ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. మీరు మాత్రం “ఒకరికి ఒక్క ఎంట్రీ” అని మొదటే చెప్పండి.

సుబేదారి విద్యార్థి: స్టోరీలో పంచుకోవడం తప్పనిసరి చేయండి, అప్పుడే ఊరంతా తెలుస్తుంది. విద్యార్థులకు రాయితీ కూడా ఉంటుందా?

కొత్త కెఫే యజమాని: రాయితీ ఆలోచన ప్రస్తుతం లేదండీ, ఇది బహుమతి గురించి మాత్రమే.

పేజీల నిర్వాహకురాలు, వరంగల్: స్టోరీ వల్ల ఎక్కువ మందికి తెలుస్తుందన్నది నిజమే, కానీ దాన్ని అర్హతగా పెట్టకూడదు. ప్రైవేటు ఖాతా ఉన్నవారి స్టోరీ మీకు కనిపించదు, కనిపించినా ఒక రోజులో పోతుంది. ఎవరు పంచుకున్నారో చివరకు నిరూపించలేరు. ఫేస్‌బుక్ నియమాల ప్రకారం టైమ్‌లైన్‌లో పంచుకోమనడం, మిత్రులను ట్యాగ్ చేయమనడం బహుమతికి షరతుగా ఉండరాదు. అందువల్ల ఒకే ప్రకటనను రెండు చోట్లా పెట్టకండి, ఫేస్‌బుక్‌లో “మా మెనూలో మీకు ఏది ఇష్టం?” అని కామెంట్ అడిగితే చాలు. ఈ పోటీని ఆ సంస్థ నిర్వహించడం లేదని, దానికి ఏ సంబంధమూ బాధ్యతా లేవని ఒక వాక్యం రెండు చోట్లా ఉండాలి.

కరీంనగర్ పాఠకుడు: నేను ఒకసారి హనుమకొండ కెఫేలో ఇలాగే గెలిచాను. వారం రోజుల్లోగా వచ్చి తినాలని గెలిచాకే చెప్పారు, నాకు సెలవు దొరకలేదు, బహుమతి పోయింది. దానికి తోడు ఆ కెఫే పేరుతోనే ఒక దొంగ ఖాతా నుంచి “మీరే విజేత, రుసుము కట్టండి” అని సందేశం వచ్చింది. పేరులో ఒక్క అక్షరం అదనంగా ఉండడంతో గుర్తుపట్టి ఆగాను.

పేజీల నిర్వాహకురాలు, వరంగల్: అందుకే “విజేత నుంచి డబ్బు, ఓటీపీ అడగము” అని ప్రకటనలోనే రాయాలి.

కాజీపేట నివాసి: కొనుగోలు తప్పనిసరి కాకపోతే చట్టంతో పని లేదని మాకు చెప్పారు.

పేజీల నిర్వాహకురాలు, వరంగల్: అంత తేలికగా చెప్పలేము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రచారం కోసం జరిపే పోటీలను, లాటరీలను కూడా ప్రస్తావిస్తుంది. ఉచిత బహుమతి పథకం ముగిశాక ఫలితాన్ని దాచడం అందులో అనుచిత వ్యాపార పద్ధతి. “త్వరలో ప్రకటిస్తాము” అనే మాట నాకు నచ్చనిది ఇందుకే. చీటీ తీయడం లాటరీ కిందికి వస్తుందా అన్నది మాత్రం న్యాయవాదిని అడగండి.

కొత్త కెఫే యజమాని: అందరికీ కృతజ్ఞతలు. ఇన్‌స్టాగ్రామ్‌కు ఇలా మార్చాను:

“బహుమతి: నలుగురికి భోజనం, రూ. 1,500 వరకు, నగదుగా మార్చము. 18 ఏళ్లు నిండి, హనుమకొండ శాఖకు స్వయంగా రాగలిగినవారు అర్హులు. మా సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు అర్హులు కారు. కొనుగోలు అవసరం లేదు. పేజీని ఫాలో అయి, మీకు నచ్చిన వంటకం పేరు కామెంట్ చేయండి. ఒకరికి ఒక్క ఎంట్రీ. గడువు ఆగస్టు 10, రాత్రి 11:59. చీటీ ద్వారా ఎంపికైన విజేతను ఆగస్టు 12, సాయంత్రం 6 గంటలకు ఈ పేజీలోనే ప్రకటిస్తాము. 48 గంటల్లో స్పందించకపోతే, అదే రోజు తీసి ఉంచిన రెండో పేరుకు బహుమతి వెళుతుంది. సెప్టెంబరు 30 లోపు ఏ రోజైనా రావచ్చు. డబ్బు, ఓటీపీ అడగము. ఈ పోటీకి ఇన్‌స్టాగ్రామ్‌తో సంబంధం లేదు, దాని బాధ్యతా లేదు.”

చీటీ విషయం న్యాయవాదితో మాట్లాడిన తర్వాతే దీన్ని పెడతాను.

కరీంనగర్ పాఠకుడు: సెప్టెంబరు 30 వరకు గడువు ఉంచినందుకు సంతోషం. అయితే ఆదివారాలు కూడా చెల్లుతాయా, ముందుగా ఫోన్ చేసి రావాలా అన్నది కూడా రాయండి. మాలాంటి దూరప్రాంతాల వారికి అదే ముఖ్యం.