ఎర్రగీత పడని తప్పులు: వేల–వేళ, ప్రధానం–ప్రదానం

ప్రశ్న: తిరుపతి, సంచిక సంపాదకురాలు

అందరికీ నమస్కారం. మా సాహితీ సంస్థ వార్షిక సంచికకు వచ్చే రచనల్లో చాలావాటిని సభ్యులు ఇప్పుడు ఫోన్‌లోనే సిద్ధం చేస్తున్నారు. కొందరు నోటితో చెప్పి రాయిస్తారు. కొందరు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి, ఫోన్ చూపించిన వాటిలో మొదటి మాటను ఎంచుకుంటారు. ఒక సభ్యుడు ఈ రెండు పద్ధతులనూ కలిపి తయారుచేసి పంపిన వాక్యాలు ఇవి:

“సాయంత్రం ఆరు గంటల వేల అన్నమాచార్య కళామందిరంలో పురస్కార ప్రధానోత్సవం జరుగుతుంది. సభ ముగిసే వరకు ప్రవేశద్వారం ఎదుట వాహనాలు నిలపవచ్చు. తన కళలకు రూపమిచ్చిన ఈ ఊరిని గురించి పురస్కార గ్రహీత ప్రసంగిస్తారు.”

వీటిలో ఒక్క మాట కింద కూడా ఎర్రగీత పడలేదు. వేళ, ప్రదానోత్సవం, నిలపవద్దు అని ఉండాలని చూడగానే తెలిసింది గానీ, సంచిక మొత్తంలో ఇలాంటివి ఎన్ని దాగి ఉన్నాయో తెలియడం లేదు. వీటిని వరుసగా పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా?

చిత్తూరు, తెలుగు ఉపాధ్యాయుడు

మేడమ్, పద్ధతి ఉంది. ప్రతి పుటనూ పైకి చదవాలి. కన్ను తనకు అలవాటైన మాటను ఊహించుకొని ముందుకు పోతుంది. చెవి అలా మోసపోదు. మన వైపు ‘ళ’ను స్పష్టంగానే పలుకుతాం కనుక ‘వేల’ అని చదివిన వెంటనే తప్పు తెలిసిపోతుంది. చదివి వినిపించే సదుపాయం ఫోన్‌లో కూడా ఉంది. దానితో చదివించుకొని వింటే ఇంకా మంచిది.

పలమనేరు, రైతు

మా ఇబ్బందీ ఇదే అక్కా. వ్యవసాయం గురించి చెప్పి రాయిస్తూ ‘చెనిక్కాయలు’ అంటే ‘చిన్న కాయలు’ అని పడుతుంది. చేత్తో సరిచేస్తే ఆ మాట కిందే ఎర్రగీత వస్తుంది. తరతరాలుగా మేం పలుకుతున్న మాటను తప్పనడానికి ఫోన్ ఎవరు? పుస్తకంలో ‘వేరుశనగ’ అనే రాయాలా?

తిరుపతి, ముద్రణాలయంలో ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకున్నవారు

ఉపాధ్యాయులు చెప్పింది ఒక రకం తప్పుకు సరిపోతుంది, రెండో రకానికి సరిపోదు. తప్పు ఏ దారిన వచ్చిందో ముందు తేల్చుకోవాలి.

‘నిలపవచ్చు’ మాటను ఊహించి చూపే వరుసలోనుంచి వచ్చింది. ‘నిలపవ’ వరకు కొట్టగానే ఫోన్ రెండు రూపాలూ చూపుతుంది, వేలు పక్కదాని మీద పడుతుంది. ఇటువంటి తప్పులో మాట మొదలు సరిగా ఉండి చివర మారుతుంది కాబట్టి కన్ను దాటిపోతుంది, పైకి చదివితే దొరుకుతుంది. ‘ప్రధానోత్సవం’ సంగతి వేరు. మనలో చాలామంది మామూలు మాటల్లో ‘ద’కు, ‘ధ’కు తేడా లేకుండానే పలుకుతాం. చెప్పినవారి నోట వినబడని ఒత్తును ఫోన్ తన దగ్గర ఎక్కువ వాడుకలో ఉన్న మాటను బట్టి నిర్ణయిస్తుంది. ‘ప్రధాన’ అనే మాట వార్తల్లో రోజూ వస్తుంది, ‘ప్రదానం’ అరుదు. అది తప్పని తెలియనివారు పైకి చదివినా అదే ధ్వని వస్తుంది, వినేవారి చెవికి అది సరైనదిగానే తోస్తుంది. ధ్వని వల్ల పుట్టిన తప్పును ధ్వనితో పట్టలేం. అక్కడ అక్షరాన్ని కంటితోనే చూడాలి.

‘వేల’ మూడో దారిన వచ్చింది. `vela` అని కొడితే వెల, వేల, వేళ మూడూ రావచ్చు. ఆ అక్షరాల్లో హ్రస్వదీర్ఘాల తేడా లేదు, ల–ళ తేడా లేదు. కాబట్టి రాసేవారి నోట ‘ళ’ ఎంత స్పష్టంగా ఉన్నా ఈ తప్పు ఆగదు, అది చేతి నుంచి వచ్చిన తప్పు.

ఇప్పుడు పని ఎలా చేయాలంటే, చదవడం మొదలుపెట్టక ముందే ఇలాంటి జంటలను ఒక కాగితం మీద రాసుకోండి: ప్రదానం–ప్రధానం, అర్థం–అర్ధం, సకలం–శకలం, విధి–వీధి, అణువు–అనువు, కాని–కానీ. తరువాత కంప్యూటర్‌లో వెతికే సదుపాయంతో ఒక్కొక్కటీ వెతకండి. సరైన మాటను కాదు, దాని స్థానంలో పడగల మాటను వెతకాలి. పూర్తి మాటను ఇస్తే కొన్ని జారిపోతాయి. ‘ప్రధానం’ అని వెతికితే ‘ప్రధానోత్సవం’, ‘ప్రధానాన్ని’ దొరకవు, ఎందుకంటే మన భాషలో మాట చివర విభక్తితోనూ సంధితోనూ మారుతూ ఉంటుంది. ‘ప్రధా’ వరకే ఇస్తే అన్నీ ఆగుతాయి. వాటితో పాటు ‘ప్రధానమంత్రి’, ‘ప్రధానోపాధ్యాయుడు’ కూడా ఆగుతాయి. ఆగిన ప్రతిచోట వాక్యం మొత్తం చదివి ముందుకు సాగాలి. అన్నిటినీ ఒకేసారి మార్చే ఆదేశం మాత్రం ఎన్నడూ వాడకండి, ప్రధానమంత్రి కాస్తా ‘ప్రదానమంత్రి’ అయిపోతారు.

వచ్చు, వద్దు, రాదు, కూడదు అనే మాటలున్న వాక్యాలను మరో విడతలో విడిగా వెతకండి. ఆ వాక్యాలు రెండు విధాలుగానూ వ్యాకరణానికి సరిపోతాయి కాబట్టి, రాసినవారిని అడగకుండా వాటిని వదలకూడదు.

పలమనేరు తమ్ముడికి ఒక మాట. మీరడిగింది వేరే ప్రశ్నగా కనిపించినా కారణం ఒకటే. ఎర్రగీత చెప్పేది ఆ మాట తన జాబితాలో లేదని మాత్రమే. ‘చెనిక్కాయలు’ లేదు కనుక గీత పడింది, ‘చిన్న’, ‘కాయలు’ రెండూ ఉన్నాయి కనుక పడలేదు. ఫోన్‌లోని సొంత నిఘంటువులో మీ మాటను చేర్చుకోండి. చేర్చేటప్పుడు వర్ణక్రమం సరిచూసుకోండి. తప్పుగా చేర్చితే ఆ తప్పుకు ఇక గీత పడదు. పుస్తకంలో మీ మాటనే ఉంచండి.

శ్రీకాళహస్తి, పద్యకవి

పద్యాలకు ఈ బెడద తక్కువని నా అనుభవం. గణాలు లెక్కిస్తే తప్పు బయటపడుతుంది.

తిరుపతి, విశ్రాంత ప్రూఫ్‌రీడర్

హ్రస్వం దీర్ఘమైతే బయటపడుతుంది స్వామీ. ‘విధి’ ‘వీధి’ అయితే లఘువు గురువవుతుంది, గణం చెడుతుంది. కానీ ‘వేళ’ ‘వేల’ అయినా, ‘ప్రదానం’ ‘ప్రధానం’ అయినా గురులఘువులు మారవు. గణాల లెక్క ఒత్తుకు కాపలా కాయదు.

సంపాదకురాలు

చాలా కృతజ్ఞతలు. ‘ప్రధా’ అని వెతికితే మరో రెండు వ్యాసాల్లో కూడా ఇదే తప్పు దొరికింది. మూడో వాక్యం మాత్రం మిగిలిపోయింది. ‘తన కళలకు రూపమిచ్చిన’ అన్నది ‘కలలకు’ కావచ్చునని నా అనుమానం. గ్రహీత చిత్రకారిణి కనుక రెండూ అతుకుతాయి. పంపిన సభ్యుణ్ణి అడిగితే తాను ఏమని చెప్పి రాయించారో గుర్తు లేదంటున్నారు.

విశ్రాంత ప్రూఫ్‌రీడర్

మా రోజుల్లో ఒకరు రాతప్రతిని చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసేవాళ్ళం. అనుమానం వస్తే తిరిగి చూడటానికి రచయిత చేతిరాత ఉండేది. నోటితో చెప్పి రాయించిన దానికి ఆ మూలప్రతి లేదు. ఇక్కడ పెద్ద లోటు అదే. చెబుతున్నప్పుడే వేరొక ఫోన్‌లో గొంతును రికార్డు చేసి, రచనతో పాటు పంపమని మీ సభ్యులను కోరండి. ల–ళ, కాని–కానీ వంటివి దానితో తేలతాయి. నోటనే లేని ఒత్తు మాత్రం తేలదు. ఈ వాక్యాన్ని గ్రహీతను అడిగే వరకు ముట్టుకోవద్దు.

చిత్తూరు, తెలుగు ఉపాధ్యాయుడు

అచ్చుకు పంపేలోపు ఆమె దొరకకపోతే? ‘కలలకు రూపమివ్వడం’ మన వాడుకలో ఉన్న మాట. నేనైతే మార్చేస్తాను.

విశ్రాంత ప్రూఫ్‌రీడర్

నేను మార్చను. వాడుకలో ఎక్కువగా ఉందన్న కారణంతోనే ఫోన్ ‘ప్రధాన’ వేసింది. అదే కారణంతో మనం ‘కలలు’ వేయడం ఎలా సబబు? ఆ విశేషణాన్ని తీసేసి ‘ఈ ఊరిని గురించి ప్రసంగిస్తారు’ అని అచ్చువేస్తే అబద్ధం ఉండదు.

చిత్తూరు, తెలుగు ఉపాధ్యాయుడు

రచయిత మాటను తీసేయడం కూడా మార్చడమే కదా, సార్. దీనికి నేను ఒప్పుకోలేను.

సంపాదకురాలు

గ్రహీత ఫోన్ నంబరు కోసం ప్రయత్నిస్తున్నాను. ఈలోగా వచ్చు–వద్దు వాక్యాలన్నీ వేరే కాగితం మీదికి ఎత్తి, వాటిని రాసినవారికి పంపుతున్నాను.