అప్‌డేట్: జీతం తక్కువగా ఉన్నప్పుడు "ఎంత ఆశిస్తున్నారు?" అంటే ఏం చెప్పాలి

నా ప్రశ్న: "ఇప్పటి జీతం మార్కెట్ కంటే బాగా తక్కువ. ఇంటర్వ్యూలో ఎంత కావాలని అడిగితే ఏం చెప్పాలి?"

ఆఫర్ వచ్చింది. సలహాలు ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. పని చేసింది "ముందు వాళ్ల బడ్జెట్ అడుగు" అన్న సలహానే. మొదటి హెచ్‌ఆర్ కాల్‌లోనే "ఈ రోల్‌కి మీరు అనుకున్న రేంజ్ ఎంతండీ?" అని అడిగి ఆగిపోవాలి. మౌనం ఇబ్బందిగా ఉన్నా మనం నింపకూడదు.

ఇప్పటి జీతం 100 అనుకుంటే, వాళ్లు చెప్పిన రేంజ్ 150 నుంచి 180. అడిగింది 175, కుదిరింది 168. అంతకుముందు వేరేచోట "30 శాతం పెంచితే చాలు" అనడమే తప్పయింది. శాతం లెక్క ఎప్పుడూ పాత జీతం మీదే కదా, 130 దగ్గరే ఆగిపోతుంది. "140 నుంచి 170" లాంటి రేంజ్ చెప్పినా వాళ్లకి వినపడేది 140 ఒక్కటే. అందుకే మీరు ఒప్పుకోగల కనీసం కంటే కింది అంకె నోట రానివ్వకండి.

ఇప్పటి జీతం గట్టిగా అడిగితే పెంచి చెప్పొద్దు. పేస్లిప్‌లు అడిగితే దొరికిపోతారు, చేతికొచ్చిన ఆఫర్ కూడా పోవచ్చు. నిజం చెప్పి, వెంటనే "ఈ రోల్ బాధ్యతలకి నేను అనుకుంటున్నది 175" అని ముగించాలి.

అప్లికేషన్‌లో "నెగోషియబుల్" అని రాయమన్న సలహా మాత్రం అక్కరకు రాలేదు, ఆ గడి అంకెలే తీసుకుంటుంది.